మిల్లీమీటరు సందులో ఈల

అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో అన్నిటికన్నా కిందున్న ఫ్లాటును తీసుకుందాం. డాబా మీద ట్యాంకు ఉంది. ట్యాంకులోని నీటి మట్టానికీ కింది ఫ్లాటు స్నానాల గదిలోని కుళాయికీ మధ్య ఎత్తు 18 మీటర్లు అనుకుందాం. ఆ కుళాయిని పూర్తిగా తిప్పితే నీళ్లు బకెట్టులోకి దబదబా పడతాయి. వినిపించే చప్పుడంతా బకెట్టుదే. బకెట్టు నిండింది కదా అని కుళాయి కట్టెయ్యబోతే, ఇంకో పావు తిప్పు మిగిలిందనగా లోపల్నుంచి ‘స్‌స్‌స్’ మని బుస మొదలవుతుంది. ఇంకొంచెం బిగిస్తే ఆ బుస సన్నని ఈలగా మారుతుంది, కొన్ని ఇళ్లలో అది గోడంతా పాకి పక్క గదిలోకీ వినిపిస్తుంది. పూర్తిగా కడితే నిశ్శబ్దం.

ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. నీళ్లు ఎక్కువగా వస్తున్నప్పుడు లేని చప్పుడు నీళ్లు తగ్గాక ఎందుకు వచ్చింది? కుళాయిలో శబ్దం ఎంత నీరు పోతోందన్న దాన్ని బట్టి పుట్టదు. ఆ నీరు ఎంత ఇరుకులోంచి ఎంత వేగంతో పోతోందన్న దాన్ని బట్టి పుడుతుంది.

మనం ‘మర కుళాయి’ అని పిలిచే పాతరకం కుళాయి లోపల జరిగేది చాలా సరళం. పైపులోంచి వచ్చిన నీరు ఒక గుండ్రని రంధ్రం గుండా కిందినుంచి పైకి రావాలి. ఆ రంధ్రపు అంచునే సీటు అంటారు. అర అంగుళం కుళాయిలో ఆ రంధ్రం వ్యాసం 12 మిల్లీమీటర్లు అనుకోవచ్చు. దాని మీద రబ్బరు వాషర్ ఉంటుంది. మనం పిడి తిప్పితే మరలున్న స్పిండిల్ పైకి లేస్తుంది, దాంతోపాటు వాషరూ లేస్తుంది. సీటుకీ వాషర్‌కీ మధ్య చుట్టూ ఏర్పడిన సందులోంచి నీరు పక్కలకు చిమ్మి, కుళాయి ముక్కు దారి పడుతుంది. వాషర్ 3 మిల్లీమీటర్లు లేచేసరికి ఆ సందు వైశాల్యం రంధ్రం వైశాల్యంతో సమానమవుతుంది. అక్కడినుంచి ఎంత తిప్పినా పెద్ద తేడా ఉండదు. అంటే కుళాయి చేసే పనంతా ఆ మొదటి 3 మిల్లీమీటర్లలోనే ఉంది, చేసే గొడవ మాత్రం మొదటి మిల్లీమీటరులోనే.

లెక్క వేసి చూద్దాం. 10 మీటర్ల ఎత్తు నీరు దాదాపు ఒక బార్ ఒత్తిడినిస్తుంది, కాబట్టి మన కుళాయి వెనక 1.8 బార్ ఉంది. కుళాయి బాగా తెరిచినప్పుడు ఈ ఒత్తిడిలో చాలా భాగం పైపుల పొడవునా, మలుపుల దగ్గర, రాపిడికి ఖర్చయిపోతుంది. కుళాయిని దాదాపుగా కట్టేసినప్పుడు పైపుల్లో నీరు మెల్లగా కదులుతుంది, అక్కడ ఖర్చు ఉండదు. 18 మీటర్ల ఒత్తిడి మొత్తం ఆ ఒక్క సందు దగ్గరే ఖర్చవ్వాలి. 18 మీటర్ల ఎత్తు నుంచి జారవిడిచిన రాయి నేలను తాకే వేగం ఎంతో, ఆ సందులో నీటి వేగం దాదాపు అంత. సెకనుకు సుమారు 18.8 మీటర్లు, అంటే గంటకు 67 కిలోమీటర్ల పైమాట. అదే సమయంలో కుళాయి నిమిషానికి 6 లీటర్లు ఇస్తోందనుకుంటే, వెనక పైపులో నీరు సెకనుకు అర మీటరు చొప్పున నింపాదిగా నడుస్తుంటుంది. ఆ 6 లీటర్లకు కావలసిన సందు మిల్లీమీటరులో సుమారు ఏడో వంతు, అంతే. నింపాదిగా వచ్చిన నీరు ఒక్కసారిగా ముప్పై రెట్లకు పైగా వేగం అందుకుని, సందు దాటగానే కుళాయి కడుపులో మళ్లీ ఆగిపోతుంది. ఆ ఆగడంలోనే చప్పుడంతా ఉంది.

వేగంగా చిమ్మిన నీటి పొర నిలకడగా ఉన్న నీటిని ఒరుసుకుంటూ పోయినప్పుడు రెంటి మధ్యా చిన్నా పెద్దా సుడులు లెక్కలేనన్ని పుడతాయి. అవి ఇత్తడి గోడలను తాకి, తెగి, మళ్లీ పుడతాయి. ఒక్కో సుడి గోడ మీద ఒక్కో చిన్న తోపు. వాటికి వరసా లయా ఉండవు, అన్ని స్థాయిల శబ్దాలూ కలగాపులగంగా వస్తాయి. అలా ఏ స్వరమూ విడిగా తేలని శబ్దాన్నే చెవి బుసగా వింటుంది. ఈ రకం శబ్దానికి వేగం అంటే విపరీతమైన ఆకలి. ఘన పదార్థపు అంచుల్ని ఒరుసుకుని పోయే ప్రవాహంలో శబ్ద శక్తి రమారమి వేగం ఆరో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే శబ్ద శక్తి 64 రెట్లు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయే మరమ్మతులు ఎందుకు పనిచేస్తాయో దానంతట అదే అర్థమవుతుంది.

బుసలో ఇంకో భాగస్వామి ఉంది. నీరు వేగం పుంజుకున్న చోట ఒత్తిడి తగ్గుతుంది. సందు దాటి వేగం తగ్గాక ఒత్తిడి కొంత కోలుకుంటుంది. కుళాయి ముక్కు దగ్గర ఉన్నది మామూలు గాలి ఒత్తిడి కనుక, సందులో, ముఖ్యంగా సుడుల నడిబొడ్డున, ఒత్తిడి అంతకంటే కిందికి దిగిపోయి ఉంటుంది. 30 డిగ్రీల నీరు మరగాలంటే 100 డిగ్రీలకు వేడెక్కనక్కర్లేదు, దాని చుట్టూ ఒత్తిడి గాలి ఒత్తిడిలో ఇరవై నాలుగో వంతుకు పడిపోతే చాలు. అలా పడిపోయిన చోట చన్నీటిలోనే ఆవిరి బుడగలు లేస్తాయి. నీటిలో కరిగి ఉన్న గాలి కూడా వాటితో బయటికొస్తుంది. బుడగ కాస్త ముందుకు పోయేసరికి ఒత్తిడి మళ్లీ పెరిగి అది చప్పున నలిగిపోతుంది. నలిగిన ప్రతి బుడగా చిటుక్కుమంటుంది. అలాంటి చిటుకులు సెకనుకు వేలల్లో కలిస్తే బుసకు కరకుదనం వస్తుంది.

దీన్ని కంటికి చూపించినవాడు మాంచెస్టర్‌లో ఇంజనీరింగ్ ఆచార్యుడైన ఆస్బర్న్ రేనాల్డ్స్. 1894లో ఆయన నడుము సన్నగా ఉన్న గాజు గొట్టంలోంచి నీటిని పంపించి, వేగం ఒక హద్దు దాటగానే ఆ నడుము దగ్గర మామూలు నీరు తెల్లగా మరగడం, దాంతోపాటు బుస వినిపించడం చూపించాడు. నలిగే బుడగ చుట్టూ నీటిలో ఒత్తిడి ఎంత దారుణంగా పెరుగుతుందో 1917లో రేలీ ప్రభువు గణితంతో తేల్చాడు. ఆయన ముందున్న సమస్య ఓడల ప్రొపెల్లర్లు గుంటలు పడి పాడైపోవడం. మన కుళాయి సీటు మీద ఏళ్ల తరబడి జరిగేదీ చిన్న మోతాదులో ఆ అరుగుదలే.

గీజరు కుళాయి చన్నీటి కుళాయి కంటే తొందరగా బుసకొట్టడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. 60 డిగ్రీల నీరు మరగడానికి ఒత్తిడి గాలి ఒత్తిడిలో అయిదో వంతుకు తగ్గితే సరిపోతుంది. పైగా రబ్బరు వాషర్ వేడికి ఉబ్బుతుంది. వేణ్నీళ్ల కుళాయిని కొద్దిగా తిప్పి పెట్టి అటు తిరిగితే, రెండు నిమిషాల్లో ధార దానంతట అదే సన్నబడి బుస పెరగడం చాలామంది గమనించే ఉంటారు. కుళాయిని ఎవరూ ముట్టుకోలేదు, లోపల రబ్బరే సందును మూస్తోంది.

ఇక ఈల సంగతి. బుస నుంచి ఈల రావాలంటే కలగాపులగంగా ఉన్న శబ్దంలోంచి ఏదో ఒకటి వరసగా, ఒకే లయలో ఊగడం మొదలుపెట్టాలి. సాధారణంగా ఆ ఊగేది వాషరే. కొత్త వాషర్ మెత్తగా, మందంగా, తన చోట బిగుతుగా కూర్చుని ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. సీటు అంచు దాని మీద గుండ్రని గాడి వేస్తుంది, గాడి పక్కన పలుచని పెదవిలా రబ్బరు లేస్తుంది. వాషర్‌ను పట్టి ఉంచే చిన్న మరమేకు వదులవుతుంది. కొన్ని కుళాయిల్లో అయితే వాషర్ బిళ్ల కాడ స్పిండిల్ బోలులో వదులుగా ఆడేలాగే తయారు చేస్తారు, ఆ ఆట అరుగుదలతో ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ఆ వదులు వాషర్ సీటుకు దగ్గరగా ఉందనుకోండి. దాని కింద నీరు దూసుకుపోతోంది కనుక అక్కడ ఒత్తిడి తగ్గి, వాషర్‌ను కిందికి లాగుతుంది. అది దిగగానే సందు ఇంకా ఇరుకై నీరు దాదాపు ఆగుతుంది. కానీ వెనక పైపులో కదులుతూ వస్తున్న నీరు ఊరుకోదు. 5 మీటర్ల అర అంగుళం పైపులో కిలోకు కాస్త తక్కువ నీరుంటుంది, దాన్ని ఉన్నట్టుండి ఆపితే ఒత్తిడి ఎగదన్ని వాషర్‌ను పైకి నెడుతుంది. సందు తెరుచుకుంటుంది, నీరు మళ్లీ దూసుకుపోతుంది, మళ్లీ లాగుతుంది. బూర నింపి దాని మూతిని రెండు వేళ్లతో అటూ ఇటూ సాగదీసి పట్టుకుంటే కీచుమంటుందే, అక్కడ రబ్బరు పెదవుల మధ్య గాలి చేసే పనినే ఇక్కడ వాషర్ కింద నీరు చేస్తుంది. సెకనుకు వందల సార్లు ఇలా జరిగితే అది ఈల. వాషర్ బిళ్ల మొత్తం వదులై పెద్దగా, మెల్లగా ఊగితే ఈల బదులు ‘గుర్ర్’ మనే మూలుగు, ఒక్కోసారి పైపులు గోడకు కొట్టుకునే దడదడ.

ఈల స్థాయిని నిర్ణయించేది వాషర్ ఒక్కటే కాదు, దాని వెనకున్న నీటి స్తంభం కూడా. అందుకే పక్కింట్లో కుళాయి తిప్పగానే మనింటి ఈల గొంతు మారుతుంది, లేదా ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇనుప పైపులోని నీటిలో శబ్దం సెకనుకు 1,300 మీటర్లకు పైగా పోతుంది. ప్లాస్టిక్ పైపు గోడలు ప్రతి ఒత్తిడికీ కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి వాటిలోని నీటిలో వేగం అందులో సగం కూడా ఉండదు, శబ్దం కొంత ఆ గోడల్లోనే అరిగిపోతుంది. పాత జీఐ పైపుల బిల్డింగుల్లో మూడో అంతస్తు కుళాయి ఈల మొదటి అంతస్తులో వినపడటానికి ఇదొక కారణం. ఇంకో కారణం గోడ. సన్నని పైపు తనంతట తాను గాలిని పెద్దగా కదిలించలేదు. క్లాంపుతో బిగించిన చోట, సిమెంటులో పాతిన చోట దాని వణుకు గోడకు అందుతుంది. వెడల్పాటి గోడ ఆ వణుకును గదంతా నింపుతుంది. అందుకే చప్పుడు పుట్టిన చోటును చెవితో వెతికితే తరచూ తప్పుతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను కుళాయి మీద, యాంగిల్ కాక్ మీద, వాల్వు మీద వరసగా ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు నొక్కి వినాలి. పుట్టిన చోట శబ్దం పదునుగా, దగ్గరగా ఉంటుంది. అనుభవమున్న ప్లంబర్లు ముందు ఈ పనే చేస్తారు.

ఇప్పుడు సగం కట్టిన వాల్వుల దగ్గరికి రావాలి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే భాగం ఇదే, ఎందుకంటే ఒకే పని ఒక ఇంట్లో మందుగా పనిచేస్తుంది, ఇంకో ఇంట్లో రోగంగా మారుతుంది.

మన 18 మీటర్ల కుళాయికే వద్దాం. దాని ముందున్న కాక్‌ను కొద్దిగా బిగించి, ఒత్తిడిలో సగం అక్కడ, సగం కుళాయి దగ్గర ఖర్చయ్యేలా చేశామనుకోండి. ఇప్పుడు ఒక్కో సందులో పనిచేసేది 9 మీటర్ల ఒత్తిడే. వేగం 18.8 నుంచి 13.3 మీటర్లకు తగ్గుతుంది. ఆరో ఘాతం లెక్క ప్రకారం ఒక్కో చోట శబ్ద శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు చోట్లా కలిపినా మునుపటిలో నాలుగో వంతే. ఇంకో లాభం, కాక్ తర్వాత పైపులో ఇంకా 0.9 బార్ ఒత్తిడి మిగిలే ఉంది కాబట్టి అక్కడ బుడగలు లేవడం కష్టం. బకెట్టు నిండటానికి ఇంకాస్త సమయం పట్టవచ్చు, అంతే. ఎత్తయిన భవనాల్లో కింది అంతస్తులకు ఒత్తిడి తగ్గించే వాల్వులు పెట్టడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి.

అదే పనికి గేట్ వాల్వును వాడితే కథ మారుతుంది. గేట్ వాల్వులో పైనుంచి దిగే ఇత్తడి పలక ఉంటుంది. పూర్తిగా ఎత్తితే దారిలోంచి తప్పుకుంటుంది, పూర్తిగా దించితే తన సీటులో ఇరుక్కుని బిగుసుకుంటుంది. సగంలో ఆపితే దానికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. అది కాడకు వేలాడుతూ ఉంటుంది, కింది అంచు దగ్గర నీరు సుడులు తిరుగుతూ దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తుంది. కాడ మర అరిగిన వాల్వు అయితే పలక గాడిలో టకటక కొట్టుకుంటుంది. గేట్ వాల్వు ఉన్నది తెరవడానికీ మూయడానికీ మాత్రమే, ధార తగ్గించడానికి కాదు. ట్యాంకు శుభ్రం చేయించినప్పుడో మోటారు బాగు చేసినప్పుడో కట్టిన వాల్వును తిరిగి పూర్తిగా తెరవకుండా వదిలేయడం తరచూ జరిగేదే. ఆ మర్నాటి నుంచి నాలుగు ఫ్లాట్లలో మూలుగు వినిపిస్తుంది, ప్రతి ఇంట్లోనూ తమ కుళాయినే అనుమానిస్తారు. ఒకే వరసలోని అన్ని ఇళ్లలోనూ ఒకే రోజు మొదలైన చప్పుడుకు మూలం ఏ ఇంట్లోనూ ఉండదు. డాబా మీద వెతకాలి.

ఇరుకు మనం తిప్పి చేసిందే కానక్కర్లేదు. బోరు నీళ్లలోని సున్నం కుళాయి మూతికి బిగించిన జాలీలో, యాంగిల్ కాక్ రంధ్రంలో, షవరు కన్నాల్లో తెల్లగా పేరుకుంటుంది. కోత సరిగా లేని పైపు ముక్క అంచు, లోపలికి చొచ్చుకొచ్చిన టెఫ్లాన్ టేపు కొస, అవసరానికి మించి పూసిన సీపీవీసీ జిగురు గడ్డ, ఇవన్నీ దారిలో శాశ్వతంగా సగం కట్టి ఉంచిన వాల్వుల్లాంటివే. గుర్తించడం తేలిక. కుళాయిని పూర్తిగా తిప్పినప్పుడు కూడా బుస తగ్గకపోతే, ధార కూడా పలుచగా ఉంటే, అరిగింది వాషర్ కాదు, దారి ఎక్కడో పూడింది. జాలీని విప్పి చూడటంతో మొదలుపెట్టాలి. చాలాసార్లు అక్కడితోనే పనైపోతుంది.

మున్సిపల్ నల్లా నీళ్లు వదిలే వేళ వచ్చే ఈల మాత్రం వేరే జాతి. రాత్రంతా ఖాళీగా ఉన్న పైపులో చేరిన గాలిని, వెనకనుంచి వచ్చే నీరు తోసుకుంటూ వస్తుంది. గాలి నీటికన్నా 800 రెట్లకు పైగా తేలిక. ఒక్క మీటరు నీటి ఒత్తిడికి సందులో నీరు సెకనుకు నాలుగున్నర మీటర్ల లోపు వేగం అందుకుంటే, గాలి 125 మీటర్లు దాటుతుంది. నీళ్లు రాగానే ఆ ఈల ఆగిపోతుంది, దానికి మరమ్మతు అక్కర్లేదు.

ట్యాంకులో నీళ్లు నిండుతుండగా చివర్లో మొదలయ్యే మూలుగు గురించీ చెప్పాలి. కుళాయి కట్టేటప్పుడు మన చెయ్యి ఆ గొడవ చేసే సన్నని సందును ఒక్క క్షణంలో దాటేస్తుంది. ఫ్లష్ ట్యాంకులోనో సంపులోనో ఉన్న తేలే బంతి అలా దాటలేదు. నీటి మట్టం మెల్లగా పెరుగుతుంటే బంతి మెల్లగా లేస్తూ, నిమిషాల తరబడి వాల్వును అదే మిల్లీమీటరు సందులో నిలబెడుతుంది. పైగా పడే ధార నీటి మీద అలలు లేపుతుంది, అలలు బంతిని ఊపుతాయి, బంతి వాల్వును ఊపుతుంది, దాంతో ధార ఊగుతుంది. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచాలి. ధార అలలు లేపకుండా చిన్న గొట్టం బిగించి దాని కొసను నీటిలోకి దించడం ఒక దారి. అయితే ఆ గొట్టం తాగునీటి లైనుకు తగిలించి ఉంటే, సరఫరా ఆగినప్పుడు ట్యాంకులోని నీరు వెనక్కి పీల్చుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ ఆ పని చెయ్యకూడదు. బంతి చేయికి ఉన్న కీలు దగ్గర ఆటను తగ్గించడం, అరిగిన రబ్బరును మార్చడం మేలు.

మన స్నానాల గది కుళాయిలో ఈల ఉంది, స్క్రూడ్రైవర్ చెప్పిన ప్రకారం అది కుళాయిలోనే పుడుతోంది అనుకుందాం. పిడిని తిప్పకుండా పక్కకు నొక్కి చూస్తే ఈల మారుతోందా? మారుతుంటే లోపల ఏదో వదులుగా ఆడుతోంది. ముందు లైను వాల్వు కట్టి, కుళాయి తెరిచి మిగిలిన నీళ్లు పోనివ్వాలి. ఒక స్పానర్‌తో కుళాయి ఒంటిని కదలకుండా పట్టుకుని, ఇంకో స్పానర్‌తో పై తల విప్పాలి. పట్టుకోకుండా విప్పితే గోడలోని పైపు మెలి తిరిగి, ఈల బదులు కారడం మొదలవుతుంది. బయటికి వచ్చిన వాషర్‌ను వేలితో తడిమితే గాడి, గట్టిదనం, పెదవి తెలుస్తాయి. అదే కొలతలో కొత్తది వేసి, మరమేకు గట్టిగా బిగించాలి. పెద్దదాన్ని కత్తిరించి ఇరికిస్తే అంచు సమంగా రాక మళ్లీ ఈల వేస్తుంది.

తల బిగించే ముందు చిటికెన వేలిని లోపలికి పోనిచ్చి సీటు అంచు చుట్టూ తిప్పి చూడాలి. కారుతున్న కుళాయిని చాన్నాళ్లు అలాగే వదిలేస్తే, సన్నని ధార ఒకే చోట నుంచి దూకుతూ ఇత్తడిని కోసి సీటుకు అడ్డంగా చిన్న గాడి చేస్తుంది. వేలికి ఆ గాడి తగిలితే కొత్త వాషర్ ఎంత మంచిదైనా ఎంతో కాలం నిలవదు. గాడి దగ్గర రబ్బరు కూర్చోదు, అక్కడినుంచి నీరు చిమ్ముతుంది, మళ్లీ అదే చోట అదే వేగం. సీటును చదును చేసే రీమర్ లాంటి చిన్న సాధనం హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని సీటు మీద నిటారుగా పెట్టి, మెల్లగా, వేలికి అంచు చుట్టూ నున్నగా తగిలే దాకా తిప్పాలి. గాడి మరీ లోతుగా ఉంటే ఆ కుళాయిని మార్చడమే తక్కువ ఖర్చు.